మూడు పరీక్షలు, ఒక మడమ

సూర్యాపేటలో నాకొక చెప్పుల దుకాణం ఉంది. ఇరవై రెండేళ్లుగా మనుషుల ముఖాలకంటే పాదాలనే ఎక్కువ చూశాను. పెళ్లిళ్లలో ఎవరైనా పలకరిస్తే, ఎవరో గుర్తుకు రాక తల దించుతాను. పాదాలు కనబడగానే "ఆ, ఎనిమిదో నంబరు, కుడికాలు కాస్త వెడల్పు" అని మనిషి మొత్తం గుర్తొస్తాడు. కొలత పీట అవసరం లేకుండా కంటితోనే సైజు చెప్పేస్తానని నాకు మహా గొప్ప. ఆ గొప్పే నా కొంప ముంచింది.

నా వ్యాపారానికి రెండు మూలస్తంభాలు ఉండేవి. మొదటిది మడత. గిరాకీ వచ్చి కూర్చోగానే బూటు తీసి, ముందు కొసను మడమకు తాకేలా చపాతీలా మడిచేవాణ్ణి. "సూడన్నా, ఎంత మెత్తగుందో. కాలికి ఉన్నట్టే ఉండదు" అనేవాణ్ణి. వేములపల్లి రైతులు, గరిడేపల్లి పంతుళ్లు, పెళ్లికొడుకులు, పెళ్లికొడుకుల మేనమామలు అందరూ నోరు తెరిచి చూసి కొనుక్కుపోయారు. బూటు చపాతీలా ఎందుకుండాలి అని ఒక్కరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

రెండోది ఒక మాట. బూటు బిగుతుగా ఉందని ఎవరైనా అంటే "రెండు రోజులు వేస్తే అదే సాగుతది" అనేవాణ్ణి. ఇరవై రెండేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో దేవుడికే తెలియాలి. అని అని చివరికి నాక్కూడా నమ్మకం కుదిరింది.

మా ఆవిడ ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సు. ఆడవాళ్ల వార్డు. డ్యూటీ ఎక్కిందంటే దిగేదాకా నిలబడే ఉంటుంది. పోయిన వానాకాలం ఆమె కుడి మడమలో నొప్పి మొదలైంది. పొద్దున మంచం దిగి మొదటి నాలుగు అడుగులు గోడ పట్టుకుని వేసేది. వేడినీళ్లు, ఆముదం, పక్కింటి ముసలమ్మ చెప్పిన ఆకు, అన్నీ అయ్యాయి. నొప్పి మాత్రం కదల్లేదు. ఆమె కుంటడం చూసి పెద్ద నర్సు పిలిచి చెప్పిందట: "నెల రోజులు సూస్త. తగ్గకపోతే కింద టోకెన్ల కాడ కూసోబెడత. గాడ నిలబడే పనుండదు."

వేరేవాళ్లైతే సంతోషించేవాళ్లేమో. మా ఆవిడకు అది ఉరిశిక్షలా వినబడింది.

"నేను నర్సును. సూది పట్టిన చేతితోని టోకెన్లు చింపాల్నా?" అని ఇంటికొచ్చి ఏడ్చింది. నేను ఆమెను ఏడుస్తుండగా చూసింది చాలా తక్కువ. ఏం చెప్పాలో తోచక, తోచనప్పుడు నేను చేసే పనే చేశాను, అంటే తప్పు ఆమెదే అన్నాను.

"నువ్వు బూట్లు సక్కగ ఏసుకోవు గదా. ఎనక తొక్కి ఏసుకుంటవ్. నొప్పి రాక ఏమైతది?"

ఇది మా ఇంట్లో పాత రామాయణం. ఎంత మంచి జోడు తెచ్చిచ్చినా, వారం తిరిగేసరికి వెనక భాగం తొక్కి, అణగదొక్కి, దాన్ని చెప్పులా మార్చేసి ఈడ్చుకుంటూ నడుస్తుంది. గడప దగ్గర విప్పడానికీ వేసుకోవడానికీ సులువని మా దగ్గర సగం మంది అదే చేస్తారనుకోండి. కానీ చెప్పుల సేటు పెళ్లాం అలా నడిస్తే బజార్లో నా పరువేం కాను? మా సంసారంలో సగం గొడవలు ఆ తొక్కిన మడమల మీదే నడిచాయి.

ఆ నర్సింగ్ హోమ్‌లోనే కాళ్లకూ కీళ్లకూ వ్యాయామాలు నేర్పే ఒక చిన్న డాక్టరమ్మ ఉంది. ఆమె మా ఆవిడ పాదాన్ని నొక్కి చూసి, తర్వాత బూటు తీసి చేతిలో పట్టుకుని, దాన్నే ఎక్కువసేపు చూసిందట.

"అక్కా, పిక్కలకు వ్యాయామం చెప్తాను, రోజూ చెయ్యి. కానీ ముందు ఈ బూటు మార్చు. కొత్తది కొనేటప్పుడు మూడు పరీక్షలు చెయ్యి. మడమ వెనక భాగం రెండు వేళ్లతో పిండు, అది లోపలికి కుంగొద్దు. ముందు కొస, మడమ పట్టుకుని వంచు, వేళ్లు వంగేచోటే వంగాలి, నడిమిట్ల వంగొద్దు. ఆఖరుకు తడిబట్ట పిండినట్టు మెలిపెట్టు, బూటు నడుము మెలిక పడొద్దు" అంది. చివర్లో "సైజు కూడా సరిచూసుకో" అని కూడా అందట.

"మా ఆయనకు చెప్పుల షాపే ఉంది" అని మా ఆవిడ చెప్పింది.

"అయితే ఆ సంగతి ఆయనే చూసుకుంటాడు లే" అని డాక్టరమ్మ నిశ్చింతగా నవ్వింది. పాపం, ఆమెకేం తెలుసు.

ఆ సాయంత్రమే మా ఆవిడ డ్యూటీ దిగి నేరుగా షాపుకొచ్చింది. నేను అప్పుడు ఆత్మకూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి బూటు మడిచి చూపిస్తున్నాను. సరిగ్గా కొస మడమకు తాకిన క్షణంలో ఆమె లోపలికి అడుగుపెట్టింది.

"ఆగు" అంది. "అది ఫెయిలు."

"ఏందీ ఫెయిలు?"

"నడిమిట్ల వంగింది. మన కాలు నడిమిట్ల వంగుతదా? వేళ్ల కాడ వంగుతది. దాన్ని పట్టుకొని నువ్వు మెత్తగుందంటున్నవ్."

ఆ పెద్దమనిషి తన కాలిని ఎత్తి, వంచి చూసుకున్నాడు. నిజమే, వేళ్ల దగ్గరే వంగింది. నా వైపు చూశాడు. ఆ చూపులో తూకం తప్పిన దుకాణదారును చూసే చూపు ఉంది.

తర్వాత జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. ఆమె అరలోంచి ఒక్కొక్క బూటూ తీసింది. వెనక పిండింది. ఫెయిలు. మెలిపెట్టింది. అది పిండిన లుంగీలా తిరిగింది. ఫెయిలు. ఇంకోటి. వెనక కాస్త గట్టిగా ఉంది గానీ నడుములో బిగువు లేదు. ఫెయిలు. ఆత్మకూరు పెద్దమనిషి కూడా ఒకటి తీసుకుని పిండాడు. "అమ్మా, ఇదెట్లుంది?" అని ఆమెను అడిగాడు, నన్ను కాదు! వాళ్లిద్దరి వెనక చెప్పుల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు చేరి మరో రెండు మెలిపెట్టారు. కాసేపటికి నా దుకాణం బట్టలు పిండే రేవులా తయారైంది. ముగ్గురూ ఏమీ కొనకుండా వెళ్లిపోయారు. పోతూ పోతూ పెద్దమనిషి "మంచి మాట చెప్పినవమ్మా" అని ఆమెకు దండం పెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె వెళ్లాక షట్టర్ సగం దించి, అన్నిటికంటే బాగా అమ్ముడుపోయే బూటును బ్లేడుతో కోశాను. మడమ వెనక, పైతోలుకూ లోపలి గుడ్డకూ మధ్య ఒక గట్టి ముక్క ఉంటుంది. మడమ అటూ ఇటూ ఒరగకుండా పట్టేది అదే. తయారు చేసేవాళ్లు దాన్ని కౌంటర్ అంటారు. నేను వెనక గోడ అంటాను. ఆ గోడ స్థానంలో నాకు దొరికింది అట్టముక్క. మిఠాయి డబ్బా మూతలాంటి అట్ట. దానిమీద ఇంకా సగం అక్షరం అచ్చు కూడా ఉంది. చెమట తగిలితే నాలుగు రోజుల్లో అది గుజ్జైపోతుంది. నడుము దగ్గర అడుగు పొరల్లో ఉండాల్సిన గట్టి పట్టీ అసలే లేదు. ఇరవై రెండేళ్లుగా నేను మెత్తదనం అని పొగిడింది ఈ లేమినే.

మర్నాడు పంతం పట్టి, సిమెంటు ఫ్యాక్టరీల వాళ్లు వేసుకునే ఇనుప ముక్కు బూట్లు ఒక జత తెప్పించాను. పిండు, కుంగదు. మెలిపెట్టు, కదలదు. ఇంటికి తీసుకెళ్లి విజయగర్వంతో ఆమె ముందు పెట్టాను.

ఆమె పిండింది, మెలిపెట్టింది, తల ఊపింది. నా ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది. తర్వాత వంచబోయింది. వంగలేదు. మోకాలి కింద పెట్టి రెండు చేతులతో వంచింది. ఊహూ.

"వేళ్ల కాడ వంగాలె. ఇది ఏడా వంగట్లే. ఫెయిలు."

"నిన్న వంగుతున్నదని ఫెయిలు చేసినవ్, ఇయ్యాల వంగుతలేదని ఫెయిలా?"

"నిన్న వంగకూడని కాడ వంగింది. ఇయ్యాల వంగాల్సిన కాడ వంగుతలేదు. గింత సమజ్ కాదా?" అంది. ఆ జత ఇప్పుడు మా మేడ మీద గాలికి తలుపు కొట్టుకోకుండా కాపలా కాస్తోంది.

వారం గడిచింది. పెద్ద నర్సు ఇచ్చిన గడువులో మూడు వారాలే మిగిలాయి. ఆదివారం ఇద్దరం కోదాడ బయల్దేరాం. అక్కడైతే నన్నెవరూ గుర్తుపట్టరని నా ధైర్యం. ఒక పెద్ద షోరూముకు వెళ్లి, అప్పటికి నాకూ చెయ్యి తిరిగింది కాబట్టి, వరసగా పరీక్షలు మొదలుపెట్టాను. ఆరో బూటు దగ్గర యజమాని లేచి వచ్చాడు. తొమ్మిదో బూటు దగ్గర కూల్‌డ్రింక్ తెప్పించాడు. పదకొండో బూటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, మీరు ఏ డిపార్ట్‌మెంట్ నుంచండీ?"

నేను అబద్ధం చెప్పలేదు. కాస్త గంభీరంగా కూల్‌డ్రింక్ చప్పరించాను, అంతే.

"మా సరుకంతా బిల్లు సరుకేనండీ. కావాలంటే గోడౌన్ కూడా చూపిస్తానండీ" అన్నాడు పాపం. నాకు ఆ హోదా బాగా నచ్చింది. పన్నెండో బూటును పిండి, పెదవి విరిచి, "ఊఁ" అన్నాను.

మా ఆవిడ ఊరుకోవచ్చు కదా. "డిపార్ట్‌మెంటు లేదు, ఏం లేదు. ఈయనది సూర్యాపేటల చెప్పుల షాపే" అంది.

యజమాని కట్టుకున్న చేతులు విప్పాడు. నా చేతిలో సగం ఉన్న సీసా తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఇంతవరకు నన్ను ఎవరూ అంత మర్యాదగా అవమానించలేదు. తేలు కుట్టిన దొంగలా బయటపడ్డాను. బస్సులో మా ఆవిడ నవ్వు సూర్యాపేట దాకా ఆగలేదు. ఆమె అంతగా నవ్వి చాలా రోజులైంది. అందుకని కోపం నటించానే గానీ నాకు నిజంగా కోపం రాలేదు. బస్సు దిగి మొదటి అడుగు వేయగానే మాత్రం ఆ నవ్వు ఆగిపోయింది, ఆమె నా భుజం పట్టుకుంది.

ఆ పట్టు నన్ను మర్నాడే మిర్యాలగూడకు పంపింది. ఆమెకు డ్యూటీ, నేనొక్కణ్ణే వెళ్లాను. రైసు మిల్లుల వైపు పోయే దారిలో ఒక చిన్న దుకాణం. గల్లాపెట్టె దగ్గర అరవై దాటిన ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. నేను బూటు తీసి వెనక పిండగానే ఆమె కళ్లజోడు సర్దుకుంది.

"నీకు పిండుడు ఎవలు నేర్పిన్రు బిడ్డా?"

"మా ఇంటామె."

"మంచిగ నేర్పింది. మిల్లులల్ల పొద్దంత నిలబడేటోళ్లు వస్తరు నా కాడికి. ముందు నేను పిండి, వంచి, మెలేసి సూసినంకనే సరుకు దించుకుంట. మెత్తటిది కావాలంటే పరుపు కొనుక్కొమ్మంట." ఆమె ఒక నల్ల లేసు బూటు ముందు పెట్టింది. "ఇగో, ఇది సూడు."

పిండాను. గోడ గోడలాగే ఉంది. వంచాను. సరిగ్గా వేళ్ల దగ్గర వంగింది. మెలిపెట్టాను. కొస దగ్గర కాస్త తిరిగింది గానీ నడుము లొంగలేదు. రెండో బూటు కూడా అలాగే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పుల షాపులో ఏడ్చిన చెప్పుల సేటును నేనొక్కణ్ణే అయి ఉంటాను.

"ఆరో నంబరు ఇయ్యమ్మా."

"కొలిచినవా?"

"నా పెండ్లాం సైజు నాకు తెల్వదా? పెండ్లినాడు మెట్టెలు తొడిగినప్పుడే కంటితోని సూసి చెప్పిన. ఆరు."

పెద్దమ్మ నా వైపు ఒక చూపు చూసింది. కానీ కట్టి ఇచ్చింది.

ఆ సాయంత్రం మా వరండా మెట్టు మీద మా ఆవిడ కూర్చుని మూడు పరీక్షలూ చేసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత నా వైపు చూసి "పాసు" అంది. నాకు పదో తరగతి పాసైనప్పుడు కూడా అంత ఆనందం కలగలేదు.

"ఏసుకో, ఏసుకో" అని తొందరపెట్టాను.

కాలు పెట్టింది. వేళ్లు వెళ్లాయి, పాదం వెళ్లింది, మడమ వెళ్లలేదు. లేసులు మొత్తం వదులు చేసి తోసింది. వెళ్లలేదు. అప్పుడు అలవాటు ప్రకారం లేచి నిలబడి, వెనక భాగాన్ని మడమతో తొక్కింది. అణిగే గోడ కాదు కదా అది! ఆమె మడమ దానిమీద ఇటుక మీద నిలబడ్డట్టు పైనే నిలబడింది. ఇంకా గట్టిగా తొక్కింది. గోడ అలాగే ఉంది. నొప్పికి ఆమె మొహం ముడుచుకుంది.

నా నోరు ఊరుకోలేదు. "ఏం కాదు. రెండు రోజులు వేస్తే అదే సాగుతది."

ఆమె కాలు బయటికి తీసి, బూటు నెమ్మదిగా పక్కన పెట్టింది.

"ఈ మాట నాకు మొదటిసారి ఎప్పుడు చెప్పినవో యాదికున్నదా?"

లేదు.

"పెద్దోడు పుట్టినంక. పాదాలు పెరిగినయి, ఆరు పడతలేదు అన్న. 'నేను చెప్పుల సేటును, నాకు తెల్వదా, రెండు రోజులు వేస్తే సాగుతది' అన్నవ్. మల్ల చిన్నది పుట్టినంక అన్న. మల్ల గదే మాట. అటెన్క అడుగుడు బంద్ చేసిన. నువ్వు తెచ్చుడు, నేను ఎనక తొక్కుడు. తొక్కకపోతే కాలే పట్టకపాయె."

ఇన్నేళ్లుగా నేను తిట్టిన తిట్లన్నీ ఒకదాని వెనక ఒకటి నా ముందు వరస కట్టి నిలబడ్డాయి. అట్టముక్క గోడలున్న బూట్లు కాబట్టి అణిగిపోయి, ఆమె కాలికి చోటిచ్చి, నా తప్పును కప్పిపుచ్చాయి. ఒక్క నిఖార్సైన బూటు ఇంట్లో అడుగుపెట్టేసరికి బండారం బయటపడింది. సూర్యాపేట బజారు మొత్తానికి సైజులు కంటితో చెప్పే మొనగాణ్ణి, నా ఇంట్లో ఉన్న రెండు పాదాలు కొలవలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది, మిర్యాలగూడలో వచ్చింది దీనిముందు ఏపాటిది!

లేచి షాపుకు వెళ్లి, గల్లాపెట్టె వెనక దుమ్ము కొట్టుకుపోయిన కొలత పీట తెచ్చాను. చొక్కా కొనతో తుడిచి నేలమీద పెట్టాను. కూర్చుంటే పాదం ముడుచుకుంటుంది, బరువు పడితేనే అసలు కొలత తెలుస్తుంది. అందుకని ఆమెను నిలబడమన్నాను. ఆమె నా తలమీద చెయ్యి ఆనించి నిలబడింది. ఎడమ పాదం ఏడుకు ఒక గీత తక్కువ. కుడి పాదం సరిగ్గా ఏడు.

"ఎంత?" అంది పైనుంచి.

"ఏడు" అన్నాను కిందినుంచి. "తప్పయింది."

"ఏంది? వినబడలే."

"తప్పయింది అన్న!"

గేటు దగ్గర పోతున్న పాలవాడు ఆగి మరీ చూశాడు. చూడనీ అనుకున్నాను.

మర్నాడు ఆమె సెలవు పెట్టింది, ఇద్దరం మిర్యాలగూడ వెళ్లాం. పెద్దమ్మ మమ్మల్ని చూడగానే నేనేమీ చెప్పకముందే ఆరో నంబరు డబ్బా వెనక్కి తీసుకుని, పీట ముందుకు జరిపింది. రెండు పాదాలూ నిలబెట్టి కొలిచింది. ఏడో నంబరు జత రెండూ పిండి, వంచి, మెలిపెట్టి ఇచ్చింది. మా ఆవిడ మెట్టు మీద కూర్చుని, లేసులు వదులు చేసి కాలు పెట్టింది. మడమ లోపలికి జారి కూర్చుంది. లేసు కట్టుకుని దుకాణంలో ఇటునుంచి అటు నడిచింది. ఈడ్పు చప్పుడు లేదు. ఇన్నేళ్లలో ఆమె నడకలో ఆ చప్పుడు లేకపోవడం అదే మొదటిసారి. ఆమె వస్తోందని నాకు ఇంటి లోపలికి తెలిసేది ఆ చప్పుడుతోనే.

నొప్పి మంత్రం వేసినట్టు పోలేదు. డాక్టరమ్మ చెప్పిన వ్యాయామాలు పొద్దునా సాయంత్రం చేసింది, నేను పక్కన నిలబడి లెక్కపెట్టాను. గడువు ముగిసిన రోజు పెద్ద నర్సు ఆమెను వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించి చూసి, "నువ్వు పైనే ఉండు" అందట. ఆ రోజు నేను మైసూర్‌పాక్ తెచ్చాను. తినేశాక డబ్బా మూత ఎందుకో పారేయబుద్ధి కాలేదు.

ఇప్పుడు నా షాపులో మడత బంద్. గిరాకీ తగ్గిందనే అనుకోండి, కొందరు ఇంకా చపాతీయే అడుగుతారు. ఎవరైనా బిగుతుగా ఉందంటే నా నోటికి ఆ పాత మాట ఇంకా వస్తుంది, "రెండు రోజులు..." దాకా వచ్చి ఆగిపోయి, పై నంబరు డబ్బా దించుతాను.

మొన్న సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి వచ్చి, వరండా మెట్టు మీద కూర్చుని, తీరిగ్గా లేసులు విప్పి బూట్లు గోడవారగా పెట్టింది. మా గడప బయట వెనక గోడలు నిటారుగా ఉన్న జోడు అదొక్కటే. నేను చూస్తూ ఉండిపోయాను.

"ఏం సూస్తున్నవ్? నా సైజెంతో చెప్పు" అంది.

"ఏడు."

"కంటితోని సూసేనా?"

"కాదు" అన్నాను. "పీట మీద."